రైల్లో పన్నెండు గంటలు: హ్యాండ్‌హెల్డా, ఫోనా, ఇంట్లో ఉన్న కన్సోలా?

హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే సాయంత్రం ఎక్కి తెల్లవారుజామున దిగుతాం. దాదాపు పన్నెండు గంటలు. నిద్ర తీసేస్తే చేతిలో ఐదారు గంటలు మిగులుతాయి. గేమ్స్ ఆడే అలవాటున్నవాళ్లకి ఇది బంగారం లాంటి టైమ్, ఎందుకంటే ఇంట్లో అంతసేపు ఎవరూ కదలనివ్వరు. అందుకే ‘స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో కొన్న కంప్యూటర్ గేమ్స్‌ని చేతిలోనే ఆడించే స్టీమ్ డెక్ కొనాలా, ఫోనుకి కంట్రోలర్ తగిలిస్తే సరిపోదా, ఇంట్లో పీఎస్5 ఉండగా ఇంకోటి దేనికి’ అనే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. జవాబు చెప్పేవాళ్లు సాధారణంగా ప్రాసెసర్ పేర్లు, ఎఫ్‌పీఎస్ అంకెలు చెప్పి వదిలేస్తారు. ప్రయాణంలో అవి రెండో వరసలో ఉంటాయి. మొదటి వరసలో ఉండేవి మూడే: బ్యాటరీలో ఎంత కరెంటు ఉంది, సిగ్నల్ పోయాక గేమ్ తెరుచుకుంటుందా, మొత్తం కలిపి జేబుకి ఎంత పడుతుంది. ఈ పన్నెండు గంటల ప్రయాణాన్నే పట్టుకుని మూడూ చూద్దాం.

ఎంఏహెచ్ పక్కన పెట్టండి

ఫోను డబ్బా మీద 5000 ఎంఏహెచ్ అని రాసి ఉంటుంది. నింటెండో స్విచ్ 2లో 5220. పవర్ బ్యాంకు మీద 20000. ఈ అంకెలు చూసి పోల్చడం మొదలుపెడితే ఎటూ తేలదు. ఎంఏహెచ్‌ని బ్యాటరీ వోల్టేజీతో గుణిస్తేనే అందులో నిజంగా ఎంత శక్తి ఉందో తెలుస్తుంది, దాన్ని వాట్-అవర్లలో చెప్తారు. మామూలు ఫోను బ్యాటరీ వోల్టేజీ 3.85 దగ్గర ఉంటుంది కాబట్టి 5000 ఎంఏహెచ్ అంటే సుమారు 19 వాట్-అవర్లు. స్విచ్ 2 కూడా 20 దగ్గరే. స్టీమ్ డెక్ ఓఎల్ఈడీలో 50 ఉంటాయి, 2022లో వచ్చిన పాత ఎల్‌సీడీ డెక్‌లో 40. ఆసుస్ హ్యాండ్‌హెల్డ్ మొదటి రోగ్ అలైలో కూడా 40, తర్వాత వచ్చిన అలై ఎక్స్‌లో దానికి రెట్టింపు, 80.

ఇప్పుడు లెక్క చాలా తేలిక. బ్యాటరీలో ఉన్న వాట్-అవర్లని, ఆడుతున్నప్పుడు ఆ పరికరం మొత్తం కలిపి తాగే వాట్లతో భాగిస్తే గంటలు వస్తాయి. ‘మొత్తం కలిపి’ అన్నది ముఖ్యం, ఎందుకంటే కంపెనీలు చెప్పే 15 వాట్లు, 30 వాట్లు అనేవి ప్రాసెసర్ ఒక్కదానివే. స్క్రీన్, ఫ్యాన్, స్టోరేజీ, వైఫై అన్నీ దానికి అదనం.

ఫోన్లో గ్రాఫిక్స్ బరువున్న గేమ్ ఆడితే ఫోను మొత్తం నాలుగైదు వాట్లు తాగుతుంది. 19ని నాలుగున్నరతో భాగిస్తే నాలుగు గంటలు పైచిలుకు. వినడానికి బాగానే ఉంది. కానీ రైల్లో ఫోను బ్యాటరీని సున్నా దాకా ఎవరు ఆడతారు? టికెట్ అందులోనే ఉంది, టీటీఈకి చూపించాలి. దిగాక క్యాబ్ బుక్ చేయాలి, యూపీఐ కొట్టాలి, ‘వచ్చేశాను’ అని ఇంటికి ఫోన్ చేయాలి. ముప్పై శాతం పక్కన పెట్టుకోవాలనుకుంటే ఆటకి మిగిలేది మూడు గంటలకి కాస్త తక్కువే. పైగా కదిలే రైల్లో సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోను టవర్ కోసం ఎక్కువ పవర్‌తో వెతుకుతూ ఉంటుంది, అది కూడా ఈ ఖాతాలోంచే పోతుంది. ఫోనుకీ హ్యాండ్‌హెల్డ్‌కీ ఉన్న అసలు తేడా నా దృష్టిలో ఇదే. గ్రాఫిక్స్ కాదు. ఆట కోసం వేరే బ్యాటరీ ఉండటం. డెక్ చచ్చిపోతే ఆట ఆగుతుంది, అంతే. ఫోను చచ్చిపోతే తెల్లారుజామున స్టేషన్ బయట నిలబడిపోతాం.

ఫోనుకి ఇంకో ఇబ్బంది వేడి. ఫ్యాన్ ఉండదు కదా, అరగంట బరువైన గేమ్ నడిచాక ఫోను తనంతట తాను స్పీడు తగ్గించుకుంటుంది. గేమ్ నత్తనడక నడుస్తుంది, స్క్రీన్ వెలుగు కూడా తగ్గిపోతుంది. ఛార్జింగ్ పెట్టి ఆడితే ఛార్జింగ్ వేడి కూడా దీనికి కలుస్తుంది. కొన్ని ఫోన్లలో బ్యాటరీని పక్కన పెట్టి ఛార్జర్ కరెంటుతోనే నేరుగా నడిపే ఏర్పాటు ఉంది, శాంసంగ్ గేమ్ బూస్టర్‌లో దొరుకుతుంది, గేమింగ్ ఫోన్లలో బైపాస్ ఛార్జింగ్ పేరుతో ఉంటుంది. మీ ఫోన్లో ఉంటే ప్రయాణంలో అది ఆన్ చేసుకోండి, తేడా చేతికే తెలుస్తుంది.

అదే డెక్, రెండు గంటలా ఆరు గంటలా

డెక్ ఓఎల్ఈడీ బ్యాటరీ మూడు నుంచి పన్నెండు గంటలు వస్తుందని దాన్ని తయారుచేసే వాల్వ్ చెప్తుంది. ఇంత తేడా ఉన్న అంకె చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది, కానీ ఆడే గేమ్‌ని బట్టి అంత తేడా నిజంగానే ఉంటుంది. డెక్ ప్రాసెసర్‌కి పరిమితి 15 వాట్లు. సైబర్‌పంక్ లాంటి గేమ్‌ని ఏ పరిమితీ పెట్టకుండా వదిలేస్తే అది ఆ పదిహేనూ వాడేస్తుంది, మిగతావన్నీ కలిపి ఇరవై వాట్లు దాటుతుంది. 50ని 22తో భాగిస్తే రెండుంబావు గంటలు. అదే స్టార్‌డ్యూ వ్యాలీ లాంటి రెండు డైమెన్షన్ల చిన్న గేమ్ అయితే మొత్తం ఎనిమిది వాట్ల లోపే నడుస్తుంది, ఆరు గంటలు పైన వస్తుంది.

అసలు ఆసక్తికరమైనది ఈ రెంటికీ మధ్యలో ఉంది. డెక్‌లో కుడివైపు మూడు చుక్కల బటన్ ఒకటి ఉంటుంది. అది నొక్కితే పక్కనుంచి మెనూ వస్తుంది, అందులో బ్యాటరీ గుర్తు దగ్గర పెర్ఫార్మెన్స్ ఓవర్‌లే ఆన్ చేస్తే స్క్రీన్ మీద ఇప్పుడు ఎన్ని వాట్లు పోతున్నాయో, ఇంకెంతసేపు వస్తుందో కనిపిస్తుంది. అక్కడే సెకనుకి స్క్రీన్ మీద ఎన్ని బొమ్మలు, అంటే ఫ్రేములు, మారాలో నిర్ణయించే ఫ్రేమ్ లిమిట్ స్లైడర్ ఉంది. దాన్ని 40కి లాగండి.

నలభై ఎందుకంటే, సెకనుకి 60 ఫ్రేములు అంటే ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు. 30 అంటే 33.3. ఈ రెంటికీ సరిగ్గా నడిమధ్య 25 మిల్లీసెకన్లు, అంటే సెకనుకి 40 ఫ్రేములు, 45 కాదు. కంటికి అనిపించేది ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య గ్యాప్ కాబట్టి, 30 నుంచి 40కి వెళ్తే 60కి వెళ్లే దారిలో సగం వచ్చేసినట్టే. కానీ ప్రాసెసర్ చేసే పని మాత్రం అరవైతో పోలిస్తే మూడింట రెండొంతులే. ఏడంగుళాల స్క్రీన్ మీద, ఊగే రైల్లో, ఈ తేడా పట్టుకోవడం చాలా కష్టం. నలభై దగ్గర పెట్టి, గేమ్ సెట్టింగుల్లో నీడలు, ప్రతిబింబాలు ఒక మెట్టు దింపితే, ఇరవై రెండు తాగుతున్న గేమ్ చాలాసార్లు పద్నాలుగు, పదిహేను దగ్గరకి దిగుతుంది. అప్పుడు లెక్క మూడున్నర గంటలకి దగ్గరగా వస్తుంది. అంటే ఒక్క స్లైడర్, రెండు సెట్టింగులు మార్చినందుకు గంట పైన ఆట మిగిలినట్టు.

దీనికీ ఒక హద్దు ఉంది. ప్రాసెసర్ వాట్లని చేత్తో తగ్గించే టీడీపీ స్లైడర్ కూడా అదే మెనూలో ఉంటుంది, మూడు వాట్ల దాకా దించొచ్చు. చాలామంది దాన్ని కిందికి లాగితే బ్యాటరీ అంత పెరుగుతుందనుకుంటారు. స్క్రీను, మెమరీ, మిగతా సరంజామా తాగే ఐదారు వాట్లు ఎటూ తప్పవు కాబట్టి ప్రాసెసర్‌ని సగానికి దించినా మొత్తం సగం కాదు. మరీ దించితే గేమ్ కుదుపులకి గురవుతుంది. ముందు ఫ్రేమ్ లిమిట్ పెట్టి, ఓవర్‌లేలో వాట్లు చూసి, అవసరమైతేనే టీడీపీ ఒక్కో వాట్ చొప్పున తగ్గించండి. కుదుపు మొదలవగానే ఒక వాట్ వెనక్కి వచ్చేయండి.

విండోస్ మీద నడిచే హ్యాండ్‌హెల్డ్‌లు, అలై, లెజియన్ గో, ఎంఎస్ఐ క్లా లాంటివి, ఇంతకంటే బలమైనవి. ఇంట్లో సోఫాలో ఛార్జర్ పెట్టుకుని ఆడితే డెక్‌ని దాటిపోతాయి. కానీ 40 వాట్-అవర్ల మొదటి అలైని టర్బోలో పెట్టి బరువైన గేమ్ ఆడితే బ్యాటరీ గంట దగ్గరే చేతులెత్తేస్తుంది. బలం కావాలంటే కరెంటు పోయాలి, దానికి దగ్గరి దారి లేదు. 80 వాట్-అవర్ల మోడల్స్ వచ్చాక ఈ బాధ చాలావరకు తీరింది, బదులుగా ధర పెరిగింది.

వీటిలో ఇంకో చిక్కుంది, స్పెక్స్ చూస్తే తెలీదు. నిద్ర. డెక్‌లో పవర్ బటన్ ఒక్కసారి నొక్కితే గేమ్ ఎక్కడుందో అక్కడే ఆగిపోతుంది, టీ తాగి వచ్చి మళ్లీ నొక్కితే కొన్ని సెకన్లలో అక్కడి నుంచే మొదలవుతుంది. స్విచ్ కూడా అంతే. విండోస్ స్లీప్ మాత్రం నమ్మకంగా ఉండదు, మధ్యలో తనంతట తాను లేచి అప్‌డేట్ వెతుక్కుంటుంది. బ్యాగులో పెట్టిన పరికరం తీసేసరికి వేడిగా ఉండి, బ్యాటరీ పడిపోయి ఉంటే కారణం ఇదే. విండోస్ హ్యాండ్‌హెల్డ్ ఉన్నవాళ్లు స్లీప్ బదులు హైబర్నేట్ పెట్టుకోవడం మంచిది. లేవడానికి కాస్త టైమ్ తీసుకుంటుంది గానీ మధ్యలో లేవదు.

బెర్త్ పక్కన సాకెట్ ఉందిగా అంటే

ఉంది, కానీ దాని మీదే ఆధారపడొద్దు. మన రైలు బోగీల్లో చాలావరకు సాకెట్లు 110 వోల్టులవి. డెక్, స్విచ్, ఫోన్ల అడాప్టర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. అడాప్టర్ మీద చిన్న అక్షరాల్లో ఆ మాట ఉందో లేదో ఒకసారి చూసుకోండి చాలు. అసలు ఇబ్బందులు వేరే. సాకెట్లు వదులైపోయి బరువైన అడాప్టర్ జారి పడిపోతుంది. కొన్ని జోన్లలో రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు వాటికి కరెంటు ఆపేసే పద్ధతి ఉంది, నిప్పు ప్రమాదాల భయంతో పెట్టారు. కాబట్టి రాత్రంతా ఛార్జ్ అవుతుందిలే అనుకుని బ్యాటరీ ఖాళీ చేసుకోకూడదు. పదకొండు లోపే నింపుకోవాలి.

పవర్ బ్యాంకు విషయంలో రెండు అంకెలు చూడాలి. ఒకటి సైజు. 20000 ఎంఏహెచ్ అంటే 74 వాట్-అవర్లు, కానీ వోల్టేజీ మార్పులో, వేడిలో కొంత పోయి అరవై చిల్లరే చేతికి వస్తుంది. అది డెక్‌ని ఒకసారి నింపి, ఫోనుకి కాస్త మిగులుస్తుంది. రెండోది, చాలామంది చూడనిది, అది ఒక్కసారిగా ఎన్ని వాట్లు ఇవ్వగలదన్నది. డెక్ ఛార్జర్ 45 వాట్లది. పవర్ బ్యాంకు యూఎస్‌బీ-సీ నుంచి పవర్ డెలివరీ, అంటే పీడీ పద్ధతిలో అంత ఇవ్వగలిగితే బరువైన గేమ్ ఆడుతూ కూడా నిశ్చింతగా ఛార్జ్ చేసుకోవచ్చు. 18 వాట్ల పవర్ బ్యాంకు పెట్టి 22 వాట్ల గేమ్ ఆడితే ఛార్జింగ్ గుర్తు కనిపిస్తూనే ఉంటుంది, శాతం మాత్రం మెల్లగా దిగుతూ ఉంటుంది. ఛార్జర్ స్లోగా ఉందని డెక్ హెచ్చరిక కూడా చూపిస్తుంది, దాన్ని కొట్టిపారేయకండి. కేబుల్ కూడా అంత కరెంటు మోసేదే కావాలి. ఫోనుతో వచ్చిన సన్నది అన్నిసార్లూ మోయదు.

విమానంలో అయితే లెక్క మారుతుంది. పవర్ బ్యాంకు చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి, 100 వాట్-అవర్ల లోపు ఉండాలి. అంటే 27000 ఎంఏహెచ్ దగ్గర హద్దు. 2025 నుంచి సింగపూర్ ఎయిర్‌లైన్స్, ఎమిరేట్స్ లాంటివి తీసుకెళ్లనిస్తున్నాయి గానీ గాల్లో ఉండగా వాడనివ్వట్లేదు. గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లే తెలుగువాళ్లకి ఇది నేరుగా తగిలేదే. సీటు దగ్గర యూఎస్‌బీ ఉన్నా పాత విమానాల్లో అది ఫోనుని మెల్లగా నింపడానికే సరిపోతుంది, డెక్‌కి చాలదు.

సిగ్నల్ పోయాక

ఫోన్లో మనవాళ్లు ఎక్కువగా ఆడే బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ లాంటివన్నీ ఆన్‌లైన్ గేమ్స్. ఊరు దాటగానే పింగ్ ఆకాశాన్నంటుతుంది, సరిగ్గా చివరి సర్కిల్‌లో డిస్కనెక్ట్ అవుతుంది, టీమ్‌లో ఉన్నవాళ్ల తిట్లు వేరే. రైల్లో ఫోను పనికిరాదనిపించేది ఫోను బలం చాలక కాదు, ఆ గేమ్స్ తీరు వల్ల. ఆఫ్‌లైన్‌లో నడిచేవి ఫోనుకీ బోలెడు ఉన్నాయి. స్టార్‌డ్యూ వ్యాలీ, డెడ్ సెల్స్ లాంటివి ఒకసారి కొంటే మీ సొంతం, ధర కూడా కంప్యూటర్ వెర్షన్ కంటే తక్కువే ఉంటుంది. రెండు మూడు వేలు పెట్టి ఫోను రెండు చివర్లా పట్టుకునే కంట్రోలర్ కొంటే వేళ్లు స్క్రీన్‌కి అడ్డం రావు. నెలకోసారో రెండు నెలలకోసారో ప్రయాణం చేసేవాళ్లకి నా మటుకు ఇదే సరిపోతుందనిపిస్తుంది. వేరే పరికరం అక్కర్లేదు.

ఇక పీఎస్5. కన్సోల్‌ని రైల్లో ఆడటం కుదరని పని. ఆడుతున్నప్పుడు 200 వాట్ల దాకా లాగుతుంది, దానికి టీవీ కూడా కావాలి. హోటల్ గదిలో ఆడదామని మోసుకెళ్లేవాళ్లు ఉన్నారు, కానీ చాలా హోటళ్లలో టీవీ వెనక హెచ్‌డీఎంఐ పోర్టు గోడకి ఆనుకుని చేతికి అందదు, అందినా ఇన్‌పుట్ మార్చకుండా లాక్ చేసి ఉంటారు. మిగిలిన దారి రిమోట్ ప్లే. ఇంట్లో కన్సోల్ రెస్ట్ మోడ్‌లో ఉంటుంది, మీరు ఫోన్లోనో, సోనీ ఇందుకోసమే చేసిన చేతి స్క్రీన్ పీఎస్ పోర్టల్‌లోనో దాన్ని లేపి ఆడతారు, గేమ్ అక్కడ నడుస్తుంది, బొమ్మ మాత్రం ఇంటర్నెట్ మీద ఇక్కడికి వస్తుంది. వినడానికి అద్భుతం. డేటా లెక్క వేద్దాం. సెకనుకి 10 మెగాబిట్ల స్ట్రీమ్ అంటే గంటకి నాలుగున్నర జీబీ. రోజుకి 2 జీబీ ప్లాన్ ఉన్నవాళ్లకి అరగంట కూడా రాదు. అన్‌లిమిటెడ్ 5జీ ఉన్నా రైలు కదులుతుండగా టవర్ మారిన ప్రతిసారీ బొమ్మ గడ్డకట్టుకుపోతుంది. ఇంటి దగ్గర కరెంటు పోయి ఇన్వర్టర్ మీద రూటర్ లేకపోతే ఆ రోజుకి ఆట ముగిసినట్టే. పోర్టల్ ఇండియాలో 2024లో 18,990కి వచ్చింది, చేతికి హాయిగా ఉంటుంది, ఇంట్లో టీవీ సీరియల్‌కి అంకితమైపోయినప్పుడు బెడ్‌రూమ్‌లో ఆడుకోవడానికి భలే పనికొస్తుంది. ప్రయాణానికి మాత్రం దాన్ని కొనొద్దు.

డెక్‌లో గేమ్స్ లోపలే ఇన్‌స్టాల్ అవుతాయి కాబట్టి సిగ్నల్‌తో పని ఉండకూడదు. ఉండకూడదు గానీ, ఉంటుంది. ఇక్కడే కొత్తవాళ్లు దెబ్బతినేది.

మొదటిది, కొత్తగా డౌన్‌లోడ్ చేసిన గేమ్‌ని ఇంట్లో ఆన్‌లైన్‌లో ఉండగానే కనీసం ఒకసారి తెరిచి మెనూ దాటి ఆట మొదలయ్యేదాకా వెళ్లాలి. మొదటిసారి తెరిచినప్పుడే చాలా గేమ్స్ అదనపు ఫైళ్లు దించుకుంటాయి, లైసెన్స్ సరిచూసుకుంటాయి. రెండోది, అప్‌డేట్ సగంలో ఉన్న గేమ్‌ని స్టీమ్ తెరవనివ్వదు, ప్లే బటన్ ఉండాల్సిన చోట అప్‌డేట్ అని ఉంటుంది. రైలెక్కే ముందు రోజు డౌన్‌లోడ్స్ పేజీ తెరిచి వరసలో ఏదీ లేకుండా చూసుకోవాలి. మూడోది సొంత లాంచర్ ఉన్న గేమ్స్. రాక్‌స్టార్, ఈఏ, యూబీసాఫ్ట్ గేమ్స్ స్టీమ్‌లో కొన్నా వాటి లాంచర్ వేరుగా తెరుచుకుని నెట్ అడుగుతుంది, కొన్నిసార్లు మళ్లీ లాగిన్ అడుగుతుంది. రైల్లో నెట్ రాని చోట రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 మీద నమ్మకం పెట్టుకోవడం రిస్కే. నాలుగోది డెనూవో అనే కాపీ రక్షణ ఉన్న గేమ్స్. విండోస్ గేమ్‌ని లినక్స్ మీద నడిపే ప్రోటాన్ వెర్షన్ మారితే అది దీన్ని కొత్త కంప్యూటర్ అనుకుని మళ్లీ నెట్‌లో అనుమతి అడగొచ్చు. కాబట్టి ప్రయాణం ముందు రోజు ప్రోటాన్ వెర్షన్లు మార్చి ప్రయోగాలు చేయకండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో తెలుసుకునే మార్గం ఒకటే. ఇంట్లోనే వైఫై ఆపేసి, డెక్‌ని పూర్తిగా రీస్టార్ట్ చేసి, తీసుకెళ్లాలనుకున్న ప్రతి గేమ్‌నీ తెరిచి చూడటం. స్లీప్ నుంచి లేపి చూస్తే లాభం లేదు, రీస్టార్ట్ చేయాల్సిందే. పది నిమిషాల పని.

సేవ్ ఫైళ్ల సంగతి కూడా చెప్పాలి. ఇంట్లో కంప్యూటర్ మీదా, బయట డెక్ మీదా ఒకే గేమ్ ఆడేవాళ్లు గేమ్‌ని తెరిచి ఉంచి డెక్‌ని స్లీప్‌లో పెట్టేస్తే సేవ్ క్లౌడ్‌కి వెళ్లకపోవచ్చు, ఎందుకంటే చాలా గేమ్స్‌లో అది గేమ్ మూసినప్పుడే ఎక్కుతుంది. తర్వాత రెండు చోట్లా రెండు సేవ్‌లు తయారై ‘ఏది ఉంచమంటారు’ అని స్టీమ్ అడుగుతుంది. అక్కడ తేదీ, టైమ్ చూసి ఎంచుకోండి, తొందరపడి నొక్కితే రైల్లో ఆడిందంతా పోతుంది.

డెక్‌లో అసలే నడవనివీ ఉన్నాయి. వాలరెంట్, ఫోర్ట్‌నైట్, కాల్ ఆఫ్ డ్యూటీ లాంటివి మోసాన్ని పట్టుకోవడానికి విండోస్ లోతుల్లో పనిచేసే యాంటీ-చీట్ వాడతాయి, డెక్‌ని నడిపే స్టీమ్‌ఓఎస్ మీద అవి తెరుచుకోవు. మీ ప్రాణమంతా ఆ గేమ్స్ మీదే ఉంటే డెక్ వద్దు, విండోస్ హ్యాండ్‌హెల్డ్ చూడండి. మిగతావాటికి స్టోర్ పేజీలో ఆకుపచ్చ టిక్ ఉంటే నిశ్చింత, పసుపు గుర్తు ఉంటే నడుస్తుంది గానీ అక్షరాలు చిన్నగా ఉండటం లాంటి ఇబ్బంది ఉందని అర్థం. ఈ చిన్న అక్షరాల సంగతి తేలిగ్గా తీసుకోకండి. సబ్‌టైటిల్స్ చదవలేకపోతే కథ ఉన్న గేమ్ ఆడి ప్రయోజనం లేదు.

జేబు లెక్క

స్టీమ్ డెక్‌ని వాల్వ్ ఇండియాలో నేరుగా అమ్మదు. 512 జీబీ ఓఎల్ఈడీ 2023 నవంబర్‌లో అమెరికాలో 549 డాలర్లకి వచ్చింది. ఇక్కడ దిగుమతి చేసి అమ్మేవాళ్ల దగ్గర కొంటే దానిమీద వాళ్ల లాభం, పన్నులు కలిసి ధర బాగా పెరుగుతుంది, రిపేరు వస్తే అమ్మిన షాపు ఇచ్చే మాటే వారంటీ. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అన్నయ్య సెలవులకి వస్తూ తెచ్చిపెడితే ధర కలిసొస్తుంది, వారంటీ బాధ మాత్రం అలాగే ఉంటుంది. పాడైతే మళ్లీ అన్నయ్యతోనే వెనక్కి పంపాలి. స్విచ్‌ది కూడా ఇదే కథ. నింటెండో ఇక్కడ అధికారికంగా లేదు, ఆన్‌లైన్ స్టోర్‌కి వేరే దేశం ఖాతా పెట్టుకోవాలి, వాళ్ల సొంత గేమ్స్ ధరలు ఏళ్లు గడిచినా పెద్దగా దిగవు. మారియో, జెల్డా కావాలంటే వేరే దారి లేదు కాబట్టి కొంటారు, అది వేరే విషయం. అలై లాంటివి ఇక్కడే వారంటీతో దొరుకుతాయి, మొదటి అలై 2023లో 69,990కి వచ్చింది. పీఎస్5 డిస్క్ మోడల్ 2025లో యాభై ఐదు వేల దగ్గర ఉంది. ఫోను ఎలాగూ ఉంది, దానికి అదనంగా పడేది కంట్రోలర్ ఖర్చే.

కానీ పరికరం ధర సగం కథే. ఏడాదికి ఆరు గేమ్స్ కొనే మనిషిని ఊహించుకోండి. స్టీమ్‌లో ధరలు రూపాయల్లోనే ఉంటాయి, యూపీఐతో కట్టొచ్చు, ఏటా వేసవిలో, చలికాలంలో పెద్ద సేల్స్ వస్తాయి. ఓపిక పట్టి రెండు మూడేళ్ల కిందటి గేమ్స్ సేల్‌లో కొంటే ఒక్కోటి సగటున ఎనిమిది వందలు అనుకుందాం, ఏడాదికి 4,800. పీఎస్5లో పెద్ద గేమ్స్ విడుదలైనప్పుడు ఐదు వేల దాకా ఉంటాయి. సేల్‌లో, పాతవి కలిపి సగటు రెండున్నర వేలు అనుకుంటే ఏడాదికి 15,000. నాలుగేళ్లకి ఒకవైపు పంతొమ్మిది వేలు, ఇంకోవైపు అరవై వేలు. అంటే కన్సోల్ చవగ్గా కనిపించినా నాలుగేళ్లలో తేడా నలభై వేలు దాటింది.

దీనికి ఇంకో పక్క ఉంది, అది చెప్పకపోతే కన్సోల్‌కి అన్యాయం చేసినట్టే. డిస్కుని ఆడేసి అమ్ముకోవచ్చు. మూడు వేలకి సెకండ్ హ్యాండ్‌లో కొని, నెల తర్వాత రెండున్నర వేలకి ఇచ్చేస్తే ఆ గేమ్ ఖర్చు ఐదొందలే. ఇలా క్రమం తప్పకుండా మార్చుకునేవాళ్లకి పై లెక్క తలకిందులవుతుంది. స్టీమ్‌లో కొన్నది అమ్ముకోలేం. కొన్న పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు, అంతే. స్విచ్ 2లో ఒక జాగ్రత్త. కొన్ని గేమ్స్ ‘గేమ్-కీ కార్డ్’ రూపంలో వస్తున్నాయి, కార్డులో గేమ్ ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది, గేమ్ మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవాల్సిందే. కార్డు కొని సరాసరి రైలెక్కితే ఆడలేరు. ఏ రకమో డబ్బా కింది భాగంలో రాసి ఉంటుంది.

ఇంట్లో ఇప్పటికే స్టీమ్‌లో గేమ్స్ కొన్న కంప్యూటర్ ఉన్నవాళ్లకి డెక్ సులువైన నిర్ణయం, మళ్లీ ఏదీ కొనక్కర్లేదు. పీఎస్5లో గేమ్స్ కూడబెట్టుకున్నవాళ్లు డెక్ కొంటే అవేవీ దాంట్లోకి రావు, సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోకుండా కొని, రెండు నెలల్లో అమ్మకానికి పెట్టేవాళ్లు చాలామంది.

వాళ్ల వల్లే సెకండ్ హ్యాండ్ డెక్‌లు దొరుకుతుంటాయి. తీసుకునే ముందు రెండు చూడండి. పవర్ బటన్ పట్టుకుని డెస్క్‌టాప్ మోడ్‌లోకి వెళ్లి ఇన్ఫో సెంటర్ తెరిస్తే, ఎనర్జీ అనే చోట బ్యాటరీ తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు నిండుతున్నది, రెండూ వాట్-అవర్లలో కనిపిస్తాయి. ఓఎల్ఈడీలో 50కి బదులు 40 చూపిస్తే మీరు కొంటున్నది పాత ఎల్‌సీడీ బ్యాటరీ అంతటిదే, ధర ఆ మేరకు తగ్గించి అడగండి. రెండోది, సెట్టింగుల్లో కంట్రోలర్ పరీక్ష తెరిచి స్టిక్స్ మీద నుంచి వేళ్లు తీసేయండి. చుక్క మధ్యలో నిలబడకుండా పక్కకి జరుగుతుంటే స్టిక్ అరిగింది. విడిభాగం మార్చుకోవచ్చు, కాకపోతే అది కూడా దిగుమతి చేసుకోవాల్సిందే.